ఎక్స్‌ట్రాక్షన్ టేబుల్‌లో ఒక పేపర్‌కి ఒక వరుస సరిపోదు

ప్రశ్న: మేడమ్, నేను వైజాగ్‌లో గైనిక్ పీజీ, రెండో సంవత్సరం. గర్భిణుల రక్తహీనతలో ఐరన్ సుక్రోజ్, ఎఫ్‌సీఎం పోల్చిన ట్రయల్స్ మీద థీసిస్ రివ్యూ రాస్తున్నా. ముప్పైకి పైగా పేపర్లు పోగయ్యాయి. ఎక్సెల్‌లో ఆథర్, డిజైన్, శాంపిల్, అవుట్‌కమ్ అని కాలమ్స్ పెట్టి నింపుతుంటే కొన్ని పేపర్లకే గందరగోళం అయిపోయింది. శాంపిల్‌లో ఏ నంబర్ రాయాలి? అవుట్‌కమ్స్ ఒక గడిలో పట్టడం లేదు. గైడ్ వచ్చే వారం టేబుల్ చూపించమన్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ గైడ్ అడిగిన టేబుల్, మీరు పని చేసుకోవాల్సిన టేబుల్ ఒకటి కాదమ్మా, ముందు ఈ రెండింటినీ విడదీయండి. థీసిస్‌లో అచ్చయ్యేది ఒక పేపర్‌కి ఒక వరుస, ఆరేడు కాలమ్స్, రెండు మూడు పేజీల్లో అయిపోతుంది. అది చివర్లో తయారయ్యేది. మీరు దాన్నే మొదట మొదలుపెట్టి అందులోనే అన్నీ కుక్కుతున్నారు, అందుకే అవుట్‌కమ్ గడి పగిలిపోతోంది. లోపల పని చేసే ఫైల్ వేరేగా ఉండాలి, అందులో మూడు షీట్లు చాలు: స్టడీ షీట్‌లో ఒక ట్రయల్‌కి ఒక వరుస, ఆర్మ్ షీట్‌లో ఒక గ్రూపుకి ఒక వరుస, అవుట్‌కమ్ షీట్‌లో ఒక గ్రూపు, ఒక అవుట్‌కమ్, ఒక సమయం, ఈ మూడూ కలిసిన ప్రతి అంకెకీ ఒక వరుస. మూడింటినీ కలిపేది S01, S02 లాంటి ఒక స్టడీ నంబర్.

ఆర్మ్ షీట్ దేనికంటే, మీ సబ్జెక్ట్‌లో మూడు గ్రూపుల ట్రయల్స్ తప్పకుండా తగులుతాయి: ఓరల్ ఐరన్, సుక్రోజ్, ఎఫ్‌సీఎం. మీ ప్రశ్న చివరి రెండింటి మధ్యనే. ఓరల్ గ్రూపుని కూడా ఆర్మ్ షీట్‌లో రాసి పక్కన 'వాడలేదు' అని పెట్టండి, కానీ శాంపిల్ మొత్తంలో వాళ్ళని కలపొద్దు. మొత్తం 150 మంది అని అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్నది చూసి అదే మీ రివ్యూలో కలిపేస్తే, మీరు పోల్చని ఆడవాళ్ళు కూడా మీ లెక్కలోకి వచ్చేస్తారు. డోసు కూడా ఇదే షీట్‌లో: ఇవ్వాలనుకున్నది వేరు, నిజంగా అందింది వేరు. గాంజోని ఫార్ములాతో లోటు లెక్కకట్టి మనిషి మనిషికీ వేరే డోసు ఇచ్చినవాళ్ళుంటారు, అందరికీ ఒకటే వెయ్యి మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్ళుంటారు. ఓరల్ ఆర్మ్ రాసేటప్పుడు మాత్ర బరువా, అందులోని ఎలిమెంటల్ ఐరనా చూసి రాయండి, డ్రైడ్ ఫెరస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాముల్లో ఇనుము 65 దాకానే ఉంటుంది, పేపర్లలో రెండు రకాలుగానూ రాస్తారు.

డిజైన్ కాలమ్ గురించి పెద్దగా చెప్పేది లేదు, ఒక్కటి తప్ప. ఆథర్ 'రాండమైజ్డ్' అన్నారని మీరూ ఆర్‌సీటీ అని రాసి వదిలేయకండి. ఒక కాలమ్‌లో పేపర్‌లో ఉన్న వాక్యం యథాతథంగా, పక్క కాలమ్‌లో మీ నిర్ణయం. టైటిల్‌లో రాండమైజ్డ్ అని, మెథడ్స్‌లోకి వెళ్తే ఓపీ నంబర్ సరి అయితే ఇది, బేసి అయితే అది అని రాసి ఉంటుంది. అది రాండమైజేషన్ కాదు, చీటీ చూడగానే ఎవరికి ఏ మందు వస్తుందో రాసే డాక్టర్‌కి ముందే తెలుసు. వాక్యం పక్కనే ఉంటే వైవాలో ఎవరైనా 'దీన్ని ఎందుకు పక్కన పెట్టారు' అన్నప్పుడు మీరు పీడీఎఫ్ వెతుక్కోనక్కర్లేదు.

ఇక శాంపిల్. మీరు అడిగిన 'ఏ నంబర్' అన్న ప్రశ్నకి జవాబు, ఒకటి కాదు, కనీసం రెండు: రాండమైజ్ అయినవాళ్ళు, ఆ అవుట్‌కమ్‌కి లెక్కలోకి వచ్చినవాళ్ళు. మొదటిది ఆర్మ్ షీట్‌లోకి, రెండోది అవుట్‌కమ్ షీట్‌లో ప్రతి వరుసలోకీ. ఎందుకంటే రెండోది అవుట్‌కమ్‌ని బట్టి, సమయాన్ని బట్టి మారుతుంది. రెండు వారాలకి వచ్చినవాళ్ళు నాలుగు వారాలకి రారు, కాన్పు నాటికి పుట్టింటికి వెళ్ళి శ్రీకాకుళంలోనో అనకాపల్లిలోనో కంటారు. మన దగ్గర ఫాలోఅప్ సంగతి మీకు వేరే చెప్పాలా.

ఒక పేపర్ మీద పని చేసి చూపిస్తాను. ఇది నేను కల్పించింది, కానీ ఇలాంటివి మీ ముప్పైలో తప్పకుండా ఉంటాయి. దీన్ని S07 అందాం. అబ్‌స్ట్రాక్ట్‌లో: 110 మంది గర్భిణులు, 55 మంది చొప్పున రెండు గ్రూపులు, నాలుగు వారాలకి హిమోగ్లోబిన్ ఎఫ్‌సీఎంలో 10.8 ± 0.11, సుక్రోజ్‌లో 10.3 ± 0.12, పీ విలువ 0.003. చాలామంది ఇక్కడే ఆగి 55, 10.8, 0.11 అని నింపేసి తర్వాతి పేపర్‌కి వెళ్ళిపోతారు. అలా నింపినదాంట్లో రెండు తప్పులున్నాయి.

మొదటిది ఎన్. ఫ్లో డయాగ్రమ్ చూస్తే ఎఫ్‌సీఎంలో ముగ్గురు తగ్గి 52 మంది మిగిలారు, సుక్రోజ్‌లో తొమ్మిది మంది తగ్గి 46 మంది. టేబుల్ 3 కింద చిన్న అక్షరాల్లో 'డోసులన్నీ పూర్తి చేసినవారికే విశ్లేషణ' అని ఉంది. అంటే 10.3 అనేది 46 మంది సగటు, 55 మందిది కాదు. పైగా ఆ తొమ్మిది మంది ఊరికే పోలేదు, సుక్రోజ్‌కి ఒక సిట్టింగ్‌లో 200 మిల్లీగ్రాములే ఇచ్చారు కాబట్టి అయిదారు సార్లు రావాలి, రాలేకపోయారు. మానేసిన కారణం గ్రూపుల వారీగా రాయడానికి ఒక కాలమ్ పెట్టండి, రేపు బయాస్ అంచనా వేసేటప్పుడు మీకు కావాల్సింది సరిగ్గా అదే. పేపర్‌లో ఫ్లో డయాగ్రమ్ లేకపోతే టేబుల్ హెడ్డింగుల్లో ఉన్న ఎన్ చూడండి, అక్కడా లేకపోతే శాతాల నుంచి వెనక్కి లెక్కకట్టొచ్చు. పదిమందికి వాంతులు, అది 21.7 శాతం అన్నారంటే కింద ఉన్నది 46.

రెండోది ఆ ± తర్వాతి అంకె. రక్తహీనత ఉన్న గర్భిణుల గుంపులో హిమోగ్లోబిన్ ఎస్‌డీ 0.11 ఉండటం అంటే అందరికీ దాదాపు ఒకే హిమోగ్లోబిన్ ఉన్నట్టు. కేజీహెచ్ ఏఎన్‌సీ ఓపీలో ఒక ఉదయం రిపోర్టులు చూసినవాళ్ళెవరూ దాన్ని నమ్మరు. మామూలుగా అది 0.6 నుంచి 1 మధ్య ఎక్కడో ఉంటుంది. కాబట్టి 0.11 ఎస్‌డీ కాకపోవచ్చు, స్టాండర్డ్ ఎర్రర్ అయి ఉండొచ్చు. అనుమానం ఒక్కటే చాలదు, తేల్చుకోవాలి, తేల్చడానికి పేపర్‌లోనే పీ విలువ ఉంది. ఎక్సెల్‌లో ఇలా కొట్టండి:

```
=(10.8-10.3)/SQRT(0.11^2+0.12^2)
=T.DIST.2T(3.07,96)
=(10.8-10.3)/SQRT(0.11^2/52+0.12^2/46)
```

మొదటి వరుస ఆ అంకెలు స్టాండర్డ్ ఎర్రర్లు అనుకుని టీ విలువ లెక్కగడుతుంది, 3.07 వస్తుంది. రెండో వరుస దానికి పీ విలువ, సుమారు 0.003. పేపర్‌లో ఉన్నదీ అదే. మూడో వరుస వాటిని ఎస్‌డీలు అనుకుంటే వచ్చే టీ, 21 దాటుతుంది, దానికి పీ 0.003 కాదు, సున్నాల వరుస వస్తుంది. అంటే ఆథర్లు టేబుల్ హెడ్డింగ్‌లో ఎస్‌డీ అని రాసినా, రాసింది స్టాండర్డ్ ఎర్రర్. అది ఎన్ వర్గమూలంతో గుణిస్తే ఎస్‌డీ అవుతుంది:

```
=0.11*SQRT(52)
=0.12*SQRT(46)
```

0.79, 0.81 వస్తాయి. నమ్మదగిన అంకెలు. ఇక్కడ 52, 46 బదులు అబ్‌స్ట్రాక్ట్‌లోని 55 పెట్టి ఉంటే 0.82, 0.89 వచ్చేవి, మొదటి తప్పు రెండో చోటికి కూడా పాకేది. ఇంతకీ ఇది ఎందుకంత ముఖ్యమంటే, మీరు మెటా అనాలిసిస్ చేస్తే ప్రతి ట్రయల్ బరువు ఎస్‌డీని బట్టి వస్తుంది. 0.11ని ఎస్‌డీగా వేస్తే ఈ ఒక్క వందమంది ట్రయల్ మిగతా పేపర్లన్నిటినీ తొక్కేస్తుంది. ఫారెస్ట్ ప్లాట్‌లో ఒక చిన్న ట్రయల్‌కి అన్నిటికన్నా పెద్ద చతురస్రం, కనిపించీ కనిపించని గీత ఉందంటే ముందు ఎస్‌డీ కాలమ్‌కి వెళ్ళి చూడండి.

పీ విలువ అన్నిసార్లూ ఇంత ఖచ్చితంగా ఇవ్వరు, '<0.05' అని ఊరుకుంటారు. అప్పుడు ఈ పరీక్ష తేల్చదు, బేస్‌లైన్ టేబుల్‌లోని ఎస్‌డీతో పోల్చి చూడటం ఒక దారి, కరెస్పాండింగ్ ఆథర్‌కి మెయిల్ పెట్టడం ఇంకొకటి. జవాబు రాకపోతే 'అస్పష్టం' అని రాసి ఆ ట్రయల్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి ఫలితం చూడండి.

ఎస్‌డీ బదులు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇస్తే, పై అంకెలోంచి కింది అంకె తీసి 3.92తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్, దాన్ని ఎన్ వర్గమూలంతో గుణిస్తే ఎస్‌డీ. ఈ 3.92 పెద్ద గ్రూపులకి. గ్రూపులో 60 మంది కన్నా తక్కువుంటే టీ పట్టికలోని అంకెను రెట్టింపు చేసి వాడాలి, మన దేశపు థీసిస్ ట్రయల్స్ చాలావరకు ఇందులోకే వస్తాయి. ఫెరిటిన్‌కి చాలామంది మీడియన్, ఐక్యూఆర్ ఇస్తారు. ఐక్యూఆర్‌ని 1.35తో భాగిస్తే ఎస్‌డీ వస్తుందని నెట్‌లో చదివి ఉంటారు, అది లెక్కలు సమంగా పరుచుకున్నప్పుడే. ఫెరిటిన్ ఒక పక్కకి వాలి ఉంటుంది, వాళ్ళు మీడియన్ ఇచ్చిందే అందుకు. మీడియన్‌ని మీడియన్‌గానే రాసుకోండి.

ఇప్పుడు S07 అవుట్‌కమ్ షీట్‌లో ఎలా కూర్చుంటుందో చూడండి:

```
id,arm,outcome,metric,time,from,n,mean,spread,type,sd_calc,where
S07,FCM,Hb,final,4wk,first,52,10.8,0.11,SE,0.79,Table3
S07,IS,Hb,final,4wk,first,46,10.3,0.12,SE,0.81,Table3
```

పేపర్‌లో ఉన్న అంకె spread కాలమ్‌లో అలాగే ఉంది, మీరు లెక్కకట్టింది sd_calc లో విడిగా ఉంది. పేపర్ అంకెను చెరిపి దానిమీద మీ అంకె రాయకండి, ఎప్పటికీ. where కాలమ్‌లో టేబుల్ నంబరో పేజీ నంబరో లేకుండా ఏ అంకెనీ లోపలికి రానివ్వకండి. మహారాణిపేటలో జిరాక్స్ తీయించుకుని పెన్నుతో గీతలు గీసుకునే అలవాటుంటే గీసుకోండి, నాకూ అదే ఇష్టం, కానీ ఆ కాగితం మీద కూడా S07 అని పైన రాయండి.

అవుట్‌కమ్‌ని ఒక్క మాటలో రాయకూడదని ఆ కాలమ్స్ చూస్తేనే అర్థమవుతుంది. 'హిమోగ్లోబిన్' అంటే చాలదు. ఎలా కొలిచారు, చివరి విలువా లేక మొదటి నుంచి పెరిగిన మొత్తమా, సగటా లేక ఇంతమంది ఒక గీత దాటారన్న లెక్కా, ఎప్పుడు. చివరి విలువకీ పెరుగుదలకీ ఎస్‌డీ వేర్వేరు. పెరుగుదల సగటు మాత్రమే ఇచ్చి దాని ఎస్‌డీ ఇవ్వని పేపర్‌లో, మొదటి ఎస్‌డీలోంచి చివరి ఎస్‌డీ తీసేసి అదే పెరుగుదల ఎస్‌డీ అని రాసినవాళ్ళని చూశాను. అలా రాదు, ఒకే మనిషి మొదటి చివరి విలువల మధ్య కోరిలేషన్ తెలియాలి. అలాంటి చోట చివరి విలువలు తీసుకోవడమే సుఖం. గీత దాటారన్న లెక్కలో ఆ గీత ఏమిటో కూడా రాయాలి: ఒకరికి 'మెరుగైంది' అంటే 11 దాటడం, ఇంకొకరికి 2 గ్రాములు పెరగడం. రెండింటినీ ఒక కాలమ్‌లో శాతాలుగా రాస్తే చూడటానికి పోల్చదగినట్టే ఉంటాయి, కానీ కావు. యూనిట్ కూడా గమనించండి, కొన్ని బయటి దేశాల పేపర్లలో లీటర్‌కి గ్రాములు ఉంటాయి, 108 అంటే మన 10.8.

మీ సబ్జెక్ట్‌కే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, from కాలమ్ పెట్టింది దానికోసమే. నాలుగు వారాలు అంటే ఎప్పటి నుంచి? ఎఫ్‌సీఎం వెయ్యి మిల్లీగ్రాములు ఒకే రోజు, పావుగంటలో ఎక్కించేయొచ్చు. సుక్రోజ్ అదే వెయ్యి రోజు విడిచి రోజు 200 చొప్పున ఇస్తే అయిదో డోసు తొమ్మిదో రోజున పడుతుంది. మొదటి డోసు నుంచి నాలుగు వారాలు లెక్కపెడితే సుక్రోజ్ గ్రూపుకి పూర్తి ఇనుము అందాక దొరికే సమయం ఎనిమిది రోజులు తక్కువ. చివరి డోసు నుంచి లెక్కపెడితే రెండు గ్రూపులకీ సమానం, కానీ సుక్రోజ్ తల్లి గర్భం ఒక వారం పైన ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. ఏది సరైనదన్నది వేరే చర్చ. కానీ మీ టేబుల్‌లో అది కనబడకపోతే, రెండు వారాలకి ఎఫ్‌సీఎం బాగా ముందుండి ఆరు వారాలకి తేడా ఎందుకు తగ్గిందో మీరు డిస్కషన్‌లో చెప్పలేరు. చాలా పేపర్లలో ఇది స్పష్టంగా ఉండదు, అప్పుడు from లో NR అని రాయండి.

ఆ NR గురించి కూడా. ఖాళీ గడి ఉంచకండి. పేపర్‌లో లేదు అంటే NR, ఈ ట్రయల్‌కి వర్తించదు అంటే NA, ఉంది కానీ అర్థం కాలేదు అంటే UNCLEAR. ఖాళీగా ఉంటే మాత్రం నేనింకా చూడలేదు అని ఒక్కటే అర్థం. రంగులు పూసి గుర్తు పెట్టుకునే పద్ధతి మానండి, ఫిల్టర్ చేసి సార్ట్ చేసి సీఎస్‌వీగా సేవ్ చేస్తే రంగులు పోతాయి.

సైడ్ ఎఫెక్ట్స్ దగ్గర పైనా కిందా అంకెల్ని రెండు వేరు కాలమ్స్‌లో రాయండి. 3/52 అని ఒకే గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని Mar-52 చేసి కూర్చుంటుంది. అది సరదాగానే ఉంటుంది, కానీ అరవై గడుల తర్వాత గమనిస్తే ఉండదు. ఇంకా, 12 అంటే పన్నెండు మంది మనుషులా, పన్నెండు సంఘటనలా చూసుకోండి. ఒకే ఆవిడకి వాంతి, తలనొప్పి, సూది చోట మంట వస్తే అది మూడు సంఘటనలు, ఒక మనిషి. రకాల వారీ అంకెల్ని కూడి 'సైడ్ ఎఫెక్ట్ వచ్చినవారు' అని రాయడం కుదరదు.

ఇక ముప్పై పేపర్లు అంటున్నారు, ముప్పై ట్రయల్సేనా? ఒకే ట్రయల్‌ని ముందు కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్‌గా, తర్వాత హిమోగ్లోబిన్‌తో ఒక పేపర్‌గా, ఇంకొంచెం తర్వాత బిడ్డ బరువుతో ఇంకో పేపర్‌గా వేస్తారు. స్టడీ షీట్‌లో ఆసుపత్రి, చేర్చుకున్న నెలలు, గ్రూపుల సంఖ్య, సీటీఆర్‌ఐ నంబర్ కాలమ్స్ పెట్టి ఆసుపత్రి మీద సార్ట్ చేయండి. ఒకే చోట, ఒకే నెలల్లో, ఒకే 55, 55 కనబడితే అవి ఒకే ట్రయల్ అయ్యే అవకాశం ఎక్కువ, రెండు పేపర్లకీ ఒకే S నంబర్ ఇచ్చి పక్కన రిపోర్ట్ a, b అని రాయండి. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్‌కి సీటీఆర్‌ఐలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ని చేర్చకముందే చేయించాలి. కాబట్టి కొత్త పేపర్లకి ఆ నంబర్ ఉండాలి. నంబర్ ఉంటే సైట్‌లో ఆ పేజీ తెరిచి ప్రైమరీ అవుట్‌కమ్, సమయం ఏమని రాశారో ఒక కాలమ్‌లోకి తెచ్చుకోండి. రిజిస్టర్ చేసింది ఆరు వారాలకి, పేపర్‌లో గొప్పగా చూపింది రెండు వారాలకి అయితే, ఆ తేడా మీ రివ్యూలో రాయదగ్గ విషయం.

వచ్చే వారం గైడ్‌కి ముప్పై పూర్తి చేసి చూపించాల్సిన పనిలేదు. వీలైనంత వేరువేరుగా ఉన్న నాలుగు పేపర్లు ఎంచుకోండి: ఒకటి మూడు గ్రూపులది, ఒకటి మీడియన్‌లు ఇచ్చింది, ఒకటి అబ్‌స్ట్రాక్ట్ తప్ప ఏమీ దొరకనిది, ఒకటి చక్కగా రాసింది. వాటిని మీరు నింపండి, మీ బ్యాచ్‌మేట్‌కి ఖాళీ షీటూ అవే పీడీఎఫ్‌లూ ఇచ్చి మీది చూపించకుండా నింపమనండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని గడి గడీ చూడండి. తేడా వచ్చిన చోట తప్పు మీదా ఆవిడదా అని కాదు, ఆ కాలమ్‌కి మీరు రాసుకున్న నిర్వచనం ఇద్దరికీ ఒకేలా అర్థమైందా అని చూడాలి, ఎక్కువసార్లు n దగ్గరా time దగ్గరా తేడా వస్తుంది. నిర్వచనాలు సరిచేసి నాలుగో షీట్‌లో రాసి పెట్టండి, ఏ తేదీన ఏం మార్చారో కూడా. గైడ్‌కి ఆ నాలుగు పేపర్లూ, ఆ నిర్వచనాల షీటూ చూపించి, ఏ అవుట్‌కమ్‌లు, ఏ సమయాలు ఉంచాలో అప్పుడే ఒప్పించుకోండి. మిగతా ఇరవై ఆరు నింపాక ఆయన 'కాన్పు నాటి హిమోగ్లోబిన్ కూడా ఉంటే బాగుండేది' అంటే మళ్ళీ మొదటి పీడీఎఫ్ నుంచి తెరవాలి.

అచ్చు టేబుల్‌కి ఈ షీట్ల నుంచి వరుసలు లాగితే చాలు. శాంపిల్ కాలమ్‌లో '55/55 రాండమైజ్డ్, 52/46 విశ్లేషణ' అని రెండూ రాయండి. S07 లాంటి వాటికి కింద ఫుట్‌నోట్‌లో ఎస్‌డీని స్టాండర్డ్ ఎర్రర్ నుంచి లెక్కకట్టామని ఒక వాక్యం పెట్టండి. మీ దగ్గర అలాంటి అనుమానపు పేపర్ ఏదైనా ఉంటే సగటు, ± అంకె, ఎన్, పీ విలువ ఇక్కడ కింద పెట్టండి, సాయంత్రం ఓపీ అయ్యాక చూసి చెబుతాను.